చెరువులో ట్రాక్టరు, సెక్షన్‌లో ‘సమీపం’

చట్టాల అన్వయం పేపర్లో లా విద్యార్థికి ఎదురయ్యే సమస్యా ప్రశ్నకు ఒక తీరు ఉంటుంది. పైన ఒక సెక్షన్ ఇస్తారు, కింద మూడు నాలుగు సంఘటనలు ఇస్తారు, వీళ్లలో ఎవరు నేరం చేసినట్టు అని అడుగుతారు. సెక్షన్ ఒక్కదాన్నే చదివితే తికమక ఏమీ కనిపించదు. సంఘటనల్లోకి దిగాకే అందులో ఒక మాట ఎటూ తేలకుండా నిలబడుతుంది. ఆ మాటకు అర్థం తేల్చడానికి ఇంగ్లండు కోర్టులు వాడుతూ వచ్చిన మూడు సూత్రాలే లిటరల్ రూల్, గోల్డెన్ రూల్, మిస్చీఫ్ రూల్. మొదటిది మాటకు ఉన్న మామూలు అర్థానికే కట్టుబడమంటుంది. రెండోది ఆ అర్థం వల్ల అసంబద్ధమైన ఫలితం వస్తే, అది పోయేంతవరకు మాత్రమే పక్కకు జరగమంటుంది. మూడోది అసలు ఏ అనర్థాన్ని ఆపడానికి ఆ చట్టం వచ్చిందో చూసి, దాన్ని ఆపే అర్థం తీసుకోమంటుంది. బ్రిటిష్ కాలపు న్యాయవ్యవస్థతో పాటు ఇవి భారతదేశానికీ వచ్చాయి. సుప్రీంకోర్టు తీర్పుల్లో ఇప్పటికీ వీటి ప్రస్తావన వస్తుంది.

నిర్వచనాలు కంఠతా పట్టినంత మాత్రాన ఈ ప్రశ్నకు జవాబు రాయలేరు. అందుకు ఒక ఊహాజనిత సెక్షన్ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా నడిపి చూడాలి. చట్టం పేరు మంచినీటి చెరువుల పరిరక్షణ చట్టం అనుకుందాం. దాని పీఠికలో ఇలా ఉంది: ‘చెరువుగట్ల వద్ద వాహనములు కడుగుటవలన నూనె, గ్రీజు మంచినీటిలో కలియుచున్నందున, దానిని నివారించుటకు.’ సెక్షన్ 3లో ఇలా ఉంది: ‘ఏ వ్యక్తియైనను మంచినీటి చెరువు సమీపంలో వాహనమును కడిగినయెడల, ఐదువేల రూపాయల వరకు జరిమానాకు పాత్రుడగును.’ సమీపం అంటే ఎంత దూరమో, వాహనం అంటే ఏమిటో నిర్వచనాల సెక్షన్‌లో లేదు.

సంఘటనలు మూడు. దమ్ము చేసి వచ్చిన ఒక రైతు ట్రాక్టరును గట్టు దించి, మోకాలి లోతు నీళ్లలోకి తోలి, చక్రాలకు పట్టిన బురదా ఇంజను కింద పేరుకున్న గ్రీజూ అక్కడే రుద్ది కడిగాడు. ఒక బడి పిల్లవాడు గట్టు మీద నిలబడి, బిందెతో తెచ్చుకున్న నీళ్లతో తన సైకిలు మడ్‌గార్డులు కడుక్కున్నాడు. చెరువుకు అర కిలోమీటరు దూరంలో సర్వీసింగ్ షెడ్డు నడిపే ఒకాయన రోజూ లారీలు కడుగుతాడు, ఆ నీళ్లు మురుగు కాలవలో పడి నేరుగా చెరువులోకి వస్తాయి. ముగ్గురి మీదా కేసు పెట్టారు.

చాలామంది జవాబు ఇక్కడే దారి తప్పుతుంది. సంఘటనలు మూడు, సూత్రాలు మూడు కాబట్టి ట్రాక్టరుకు గోల్డెన్ రూల్, సైకిలుకు లిటరల్ రూల్, షెడ్డుకు మిస్చీఫ్ రూల్ అని పంచేస్తారు. పరీక్ష పెట్టినవాళ్లు అడిగేది అది కాదు. ప్రతి సంఘటనలోనూ ముందు ఏ మాట దగ్గర సందేహం వచ్చిందో వేలుపెట్టి చూపాలి. తర్వాత అదే మాట మీద మూడు సూత్రాలూ నడిపి, ఏది ఎక్కడికి తీసుకెళుతుందో చెప్పాలి. ఫలితాలు వేరువేరుగా వస్తే వాటిలో ఏది నిలబడుతుందో, ఎందుకో తేల్చాలి. ఈ మూడింటిలో మొదటి పని ఒకటి రెండు వాక్యాల్లో అయిపోతుంది గానీ, అది చేయకుండా మిగతాదంతా రాసినా గాలిలో మేడే.

ట్రాక్టరు విషయంలో సందేహం ఉన్న మాట ‘సమీపంలో’. ట్రాక్టరు వాహనం కాదని ఎవరూ అనరు, కడగలేదనీ అనరు. రైతు తరఫు వకీలు వాదన ఒక్కటే: నా క్లయింటు చెరువు సమీపంలో లేడు, చెరువులోనే ఉన్నాడు.

వినడానికి పిల్లతనంగా ఉన్నా ఇంగ్లండులో సరిగ్గా ఇదే వాదన హైకోర్టు దాకా వెళ్లింది. 1964 నాటి అడ్లర్ వర్సెస్ జార్జ్ కేసు అది. 1920 నాటి అధికార రహస్యాల చట్టం మూడో సెక్షన్ ప్రకారం, నిషిద్ధ స్థలం ‘పరిసరాల్లో’ కాపలా విధుల్లో ఉన్న సైనిక దళాల సభ్యుణ్ణి అడ్డుకోవడం నేరం. నార్ఫోక్‌లోని మార్హమ్ వైమానిక స్థావరంలోకి వెళ్లిన ఒక వ్యక్తి లోపలే అలా అడ్డుకున్నాడు. నేను పరిసరాల్లో లేను, స్థావరం లోపల ఉన్నాను, లోపల చేసినదాన్ని గురించి ఈ సెక్షన్ ఏమీ చెప్పలేదు అని వాదించాడు. ప్రధాన న్యాయమూర్తి లార్డ్ పార్కర్ ఒప్పుకోలేదు. ఆ మాటను ‘లోపల గానీ పరిసరాల్లో గానీ’ అని చదవాలన్నారు. కంచె బయట నిలబడి అడ్డుకుంటే నేరం, కంచె దాటి లోపలికొచ్చి అడ్డుకుంటే నేరం కాదు అంటే చట్టమే తలకిందులవుతుంది.

ఇప్పుడు రైతు విషయంలో మూడు సూత్రాలూ నడపాలి. లిటరల్ రూల్ ప్రకారం సమీపం అంటే దగ్గరలో, అంటే దాని బయట. ఇంటి సమీపంలో ఉన్నవాడు ఇంట్లో ఉన్నట్టు కాదు. కాబట్టి రైతు నిర్దోషి. గోల్డెన్ రూల్‌కి వస్తే ఆ ఫలితంలోని అసంబద్ధత ఏమిటో రాయాలి. ‘ఇది అసంబద్ధం’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే మార్కులు పడవు. గట్టు మీద కడిగితే గ్రీజులో కొంత నేలలో ఇంకిపోతుంది, కొంతే నీళ్లలోకి జారుతుంది. నీళ్లలోనే కడిగితే మొత్తం నీళ్లలోనే కలుస్తుంది. తక్కువ హాని చేసినవాడికి జరిమానా వేసి ఎక్కువ హాని చేసినవాణ్ణి వదిలేయడం ఏ శాసనసభా ఉద్దేశించి ఉండదు. అందుకని ‘సమీపంలో’ అన్నదాన్ని ‘చెరువులో గానీ సమీపంలో గానీ’ అని చదవాలి. మిస్చీఫ్ రూల్ కూడా ఇక్కడికే చేరుస్తుంది, ఎందుకంటే పీఠికలో చెప్పిన అనర్థం రైతు చేసిన పనిలో పూర్తిగా ఉంది. మూడింటిలో రెండు ఒకవైపు, అడ్లర్ కేసు కూడా అటువైపే. రైతు దోషి.

ఇక్కడ తెలుగు చదువరికి తట్టాల్సిన ఒక సంగతి ఉంది. ‘ఆవిడ చెరువు దగ్గర బట్టలు ఉతుకుతోంది’ అంటాం. ఆవిడ పాదాలు నీళ్లలో ఉన్నా ‘చెరువు దగ్గర’ అనే అంటాం. రేవు దగ్గర స్నానం చేసినవాడు నీళ్లలోకి దిగే చేశాడు. అంటే సెక్షన్‌లో ‘సమీపంలో’ బదులు ‘దగ్గర’ అని ఉండి ఉంటే, లిటరల్ రూల్ ప్రకారమే రైతు దోషి అని వాదించవచ్చు, గోల్డెన్ రూల్ దాకా పోనక్కర్లేదు. లిటరల్ రూల్ అంటే నిఘంటువులో మొదటి అర్థం కాదు, ఆ భాష మాట్లాడేవాళ్లు ఆ సందర్భంలో ఆ మాటను ఎలా వాడతారన్నది. 1961లో సుప్రీంకోర్టుకు వచ్చిన అకోలా కేసు ఇందుకు మంచి సాక్ష్యం. కూరగాయలకు అమ్మకం పన్ను మినహాయింపు ఉంది కాబట్టి తమలపాకులకూ ఉండాలని వ్యాపారి వాదన. మొక్కల శాస్త్రం లెక్కలో ఆకు కూడా ‘వెజిటబులే’. కోర్టు మాత్రం బజారుకు వెళ్లి కూరగాయలు తెమ్మంటే ఎవరూ తమలపాకులు తీసుకురారన్న వాడుకనే పట్టుకుంది, మినహాయింపు ఇవ్వలేదు. అయితే నిజమైన కేసుల్లో తెలుగు పాఠం మీద ఇంత బలంగా వాదించేముందు రాజ్యాంగం 348వ అధికరణం గుర్తుంచుకోవాలి. రాష్ట్ర చట్టం తెలుగులో చేసినా, గవర్నరు అధికారంతో గెజిట్‌లో వచ్చే ఇంగ్లీషు అనువాదాన్నే ఇంగ్లీషులో అధికార పాఠంగా పరిగణిస్తారు.

సైకిలు దగ్గరికొస్తే సందేహం మరో మాటకు మారుతుంది. కుర్రాడు గట్టు మీదే ఉన్నాడు, కాబట్టి ‘సమీపంలో’ గురించి గొడవ లేదు. ఇప్పుడు తేలాల్సింది ‘వాహనం’. లిటరల్ రూల్ చూస్తే మనిషిని ఒకచోట నుంచి మరోచోటికి మోసుకెళ్లేది ఏదైనా వాహనమే, సైకిలు అందులోకి వస్తుంది. కుర్రాడు దోషి.

చురుకైన విద్యార్థి ఇక్కడ ఒక అడ్డదారి తొక్కే ప్రమాదం ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం రెండో సెక్షన్‌లో వాహనం అంటే యంత్రశక్తితో నడిచేది అన్న నిర్వచనం ఉంది. దాన్ని తెచ్చి ఇక్కడ అతికించి, సైకిలు వాహనం కాదని తేల్చేస్తారు. ఒక చట్టంలోని నిర్వచనం ఆ చట్టం వరకే. ఆ సెక్షన్ కూడా ‘ఈ చట్టంలో’ అన్న మాటతోనే మొదలవుతుంది. లైసెన్సులు, బీమా, రోడ్డు నిబంధనల కోసం రాసుకున్న నిర్వచనం చెరువు నీళ్ల కోసం చేసిన చట్టానికి దానంతటదే వర్తించదు. అలాంటి నిర్వచనం కూడా ఉందని చెప్పి, అందువల్లే ఈ మాటకు ఒకటి కంటే ఎక్కువ అర్థాలున్నాయని చూపడానికి మాత్రం దాన్ని వాడుకోవచ్చు. అది వాదనకు బలమే గానీ తీర్పు కాదు.

గోల్డెన్ రూల్ ఈ కుర్రాడికి సాయం చేస్తుందా? పెద్దగా చేయదు. సైకిలు కడిగిన పిల్లవాడికి జరిమానా అంటే మనసు ఒప్పుకోదు, నిజమే. కానీ కఠినంగా ఉండటం వేరు, అసంబద్ధంగా ఉండటం వేరు. చెరువు దగ్గర ఏ వాహనాన్నీ కడగవద్దని, చిన్నా పెద్దా తేడా లేకుండా, ఒక గీత గీయడం శాసనసభ చేయగలిగిన పనే. గీత స్పష్టంగా ఉంటే అమలు చేయడం సులువు కూడా. ట్రాక్టరు విషయంలో చట్టమే తన ఉద్దేశానికి ఎదురు తిరిగింది, ఇక్కడ అలా జరగలేదు. గోల్డెన్ రూల్ పనికొస్తుందా లేదా అన్నది ఈ తేడా మీదే ఆధారపడుతుంది. ఒక సూత్రం ఈ సంఘటనలో ఏ మార్పూ తీసుకురాదని తేలితే ఆ మాటే రాయడం మంచిది, అది జవాబులో లోటు కాదు.

మిస్చీఫ్ రూల్‌కు మూలం 1584 నాటి హెయిడన్ కేసు. అందులో ఎక్స్‌చెకర్ న్యాయమూర్తులు నాలుగు ప్రశ్నలు వేసుకోమన్నారు. ఈ చట్టం రాకముందు న్యాయం ఎలా ఉంది? దానిలో ఏ లోటు, ఏ అనర్థం మిగిలిపోయింది? దానికి పార్లమెంటు ఏ మందు వేసింది? ఆ మందు వేయడానికి అసలు కారణం ఏమిటి? 1955లో బెంగాల్ ఇమ్యూనిటీ కేసులో మన సుప్రీంకోర్టు ఈ నాలుగింటినీ ఎత్తిచెప్పి వాటి ఆధారంగా నడిచింది. పరీక్షలో చాలామంది ఈ నాలుగు ప్రశ్నలను అప్పజెప్పి ఊరుకుంటారు. జవాబులు రాయాలి. మన సెక్షన్‌కు రాస్తే ఇలా వస్తుంది: ఇంతకుముందు చెరువుగట్టున బండ్లు కడగడాన్ని ప్రత్యేకంగా ఆపే నిబంధన లేదు, దాంతో నూనె, గ్రీజు తాగేనీళ్లలో కలుస్తున్నాయి, అందుకు మందుగా సమీపంలో కడగడాన్నే నేరం చేశారు, కారణం తాగేనీళ్లను కాపాడటం.

ఈ లెక్కన సైకిలును చూస్తే ఫలితం తిరగబడుతుంది. మడ్‌గార్డు మీది మట్టిని ఉత్త నీళ్లతో కడిగితే పీఠికలో చెప్పిన నూనె, గ్రీజు కలిసే అనర్థం లేదు. కాబట్టి ఈ చట్టంలో వాహనం అంటే నూనె, గ్రీజు కారే యంత్ర వాహనం అని చదవాలి, కుర్రాడు నిర్దోషి. మిస్చీఫ్ రూల్ అంటే చట్టాన్ని ఎప్పుడూ సాగదీసేదే అనుకుంటారు. అది కుదించగలదు కూడా. 1957లో బహుమతి పోటీల చట్టం మీద వచ్చిన ఆర్.ఎం.డి.సి. కేసులో సుప్రీంకోర్టు చేసింది అదే. చట్టంలోని నిర్వచనం మాటల వరకు చూస్తే తెలివితేటలతో గెలిచే పోటీలు కూడా అందులోకి వస్తాయి. కోర్టు ఆ చట్టం వచ్చిన నేపథ్యాన్ని, అది ఆపదలచిన అనర్థాన్ని చూసి, జూదం తరహా పోటీలకే దాన్ని పరిమితం చేసింది.

ఎదుటి పక్షానికీ ఒక కేసు ఉంది, దాన్ని దాచకూడదు. 1951 నాటి కార్కరీ వర్సెస్ కార్పెంటర్. 1872 నాటి లైసెన్సింగ్ చట్టం ప్రకారం, తాగి రోడ్డు మీద ‘బండి’ని తన అధీనంలో ఉంచుకోవడం నేరం. ఇంగ్లండులోని ఇల్ఫ్రాకూంబ్ పట్టణంలో తాగిన మనిషి ఒకడు సైకిలును నెట్టుకుంటూ పోతున్నాడు. సైకిలు బండి కిందికి వస్తుందని కోర్టు చెప్పింది. ప్రాసిక్యూషన్ ఈ కేసు చూపిస్తే జవాబేమిటి? అక్కడ ఆపాలనుకున్న అనర్థం తాగినవాళ్ల వల్ల రోడ్డు మీద జనానికి కలిగే ప్రమాదం, గలాటా. తాగినవాడి చేతిలో సైకిలున్నా ఆ ప్రమాదం ఉంటుంది. ఇక్కడి అనర్థం చెరువులో నూనె, సైకిలుతో అది లేనట్టే. అక్కడా సైకిలే, ఇక్కడా సైకిలే, కాని చట్టాలు వచ్చిన కారణాలు వేరు కాబట్టి ఫలితాలూ వేరు. పాత కేసును ఇలా విడదీసి చూపడం ఈ ప్రశ్నలో అన్నిటికంటే విలువైన పని. గొలుసుకు పూసిన నూనె కూడా నీళ్లలో కలిసిందని సంఘటనలో ఉంటే మాత్రం ఈ విడదీత నిలవదు, కుర్రాడి పరిస్థితి మారిపోతుంది. అందుకే సంఘటనలోని ‘మడ్‌గార్డులు’ అన్న చిన్న మాటను కూడా దాటేయకూడదు.

మూడోది సర్వీసింగ్ షెడ్డు. ఇది అసలైన చిక్కు. పనికొచ్చే జవాబుకూ మంచి జవాబుకూ తేడా ఇక్కడే బయటపడుతుంది.

సందేహం మళ్లీ ‘సమీపంలో’ మీదే, కానీ ఈసారి ప్రశ్న లోపలా బయటా అని కాదు, ఎంత దూరం అని. అర కిలోమీటరు సమీపమేనా? పొలాల మధ్య ఉన్న చెరువుకైతే సమీపమే అనిపించవచ్చు, ఇళ్లు కిక్కిరిసిన పట్నంలో అర కిలోమీటరంటే మూడు వీధుల అవతల. లిటరల్ రూల్‌తో ఇక్కడ ఖాయమైన జవాబు రాదు, ఆ మాటలోనే కొలత లేదు. గోల్డెన్ రూల్ కూడా సాయపడదు. అర కిలోమీటరును చట్టం బయట ఉంచితే అది అసంబద్ధం కాదు, ఎక్కడో ఒకచోట గీత పడాల్సిందే కదా. మిగిలింది మిస్చీఫ్ రూల్. ప్రాసిక్యూషన్‌కు బలమంతా అందులోనే ఉంది: రోజూ లారీల గ్రీజు చెరువులో కలుస్తోంది, చట్టం వచ్చిందే దాన్ని ఆపడానికి.

ఆ వాదనకు దన్నుగా అందరూ చూపే కేసు 1960 నాటి స్మిత్ వర్సెస్ హ్యూస్. 1959 నాటి వీధి నేరాల చట్టం, వ్యభిచారం కోసం ‘వీధిలో గానీ బహిరంగ స్థలంలో గానీ’ తచ్చాడటాన్ని, పిలవడాన్ని నేరం చేసింది. కొందరు స్త్రీలు వీధిలోకి రాకుండా, బాల్కనీలో నిలబడి, కిటికీల వెనక కూర్చుని అద్దాల మీద తట్టి, దారిన పోయేవాళ్లను పిలిచారు. మేం వీధిలో లేము అన్నది వాళ్ల వాదన. జనం వీధుల్లో ఇబ్బంది లేకుండా నడవాలన్నది ఈ చట్టం ఉద్దేశం, పిలిచినవాళ్లు ఎక్కడ నిలబడ్డారన్నది ముఖ్యం కాదు, పిలుపు వీధిలో ఉన్నవాడికి చేరింది అని కోర్టు చెప్పి శిక్షను నిలబెట్టింది. దీన్నిబట్టి, షెడ్డు ఎక్కడున్నా గ్రీజు చెరువుకు చేరింది కాబట్టి యజమాని దోషి అని రాయడం సులువు. ఎక్కువ మంది అలాగే రాస్తారు.

కానీ రెండు కేసుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. పిలవడం అనే పని పిలిచేవాళ్ల దగ్గర మొదలై, వినేవాడి దగ్గర పూర్తవుతుంది. ఆ పనిలో సగం వీధిలోనే జరిగింది. కడగడం అలా కాదు. లారీ కడగడం షెడ్డులోనే మొదలై షెడ్డులోనే అయిపోయింది, కాలవ వెంట చెరువుకు చేరింది ఆ పని తాలూకు ఫలితం మాత్రమే. సెక్షన్ 3 ‘చెరువును కలుషితం చేసినయెడల’ అని ఉంటే ఫలితం చేరితే చాలు. అది ‘సమీపంలో కడిగినయెడల’ అంటోంది, అంటే నేరం కడిగిన చోటును బట్టి ఉంది. ఫలితాన్ని బట్టి సమీపాన్ని కొలవడం మొదలుపెడితే, ఐదు కిలోమీటర్ల అవతల కాలవ పక్కన కడిగినవాడూ సమీపంలోనే ఉన్నట్టవుతుంది. అప్పుడా మాటకు అర్థమే మిగలదు. మిస్చీఫ్ రూల్‌కు ఉన్న హద్దు ఇదే. మాట మోయగలిగిన అర్థాల్లో ఒకదాన్ని ఎంచుకోవడానికే అది పనికొస్తుంది, మాటను కొట్టేసి కొత్తమాట రాయడానికి కాదు.

మన సుప్రీంకోర్టు కన్వర్ సింగ్ కేసులో ఈ హద్దు లోపలే నిలిచింది. ఢిల్లీ నగరపాలక చట్టంలో, ‘వదిలేసిన’ పశువులను పట్టుకుని స్వాధీనం చేసుకునే అధికారం ఉంది. పశువులను తోలుకెళుతున్న సిబ్బందిని యజమానులు అడ్డగించి, మేం వాటిని వదిలేయలేదు, అవి మావే అన్నారు. వదిలేయడం అంటే హక్కు పూర్తిగా వదులుకోవడం అన్న అర్థం తీసుకుంటే ఢిల్లీ వీధుల్లో తిరిగే ఏ ఆవునూ పట్టుకోలేరు, ప్రతి ఆవుకూ యజమాని ఉంటాడు. అందుకని కోర్టు ఆ మాటకు, కాపలా లేకుండా విడిచిపెట్టడం అన్న అర్థం తీసుకుంది. ‘ఆవును వీధిలో వదిలేశాడు’ అని మనమూ ఆ అర్థంలోనే అంటాం. ఆ మాట ఆ అర్థాన్ని ఎప్పటినుంచో మోస్తోంది. ఐదు కిలోమీటర్ల దూరాన్ని ‘సమీపం’ మోయలేదు. అర కిలోమీటరు ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది.

ఎటూ తేలని ఇలాంటి చోట మరో నియమం కూడా లెక్కలోకి వస్తుంది. జరిమానా, జైలు విధించే చట్టంలో రెండు అర్థాలూ సమానంగా నిలబడితే, ఆ సందేహం వల్ల కలిగే మేలు నిందితుడికే చెందాలి. దీన్ని మొదట్లోనే ఎత్తుకుంటే తప్పు. ముందు మూడు సూత్రాలూ నడిపి, ఇంకా సందేహం మిగిలితేనే దాని వంతు. రైతు విషయంలో అది అవసరం పడలేదు, సందేహం ముందే తీరిపోయింది. షెడ్డు యజమాని విషయంలో తీరలేదు. కాబట్టి ఆయన నిర్దోషి అన్న ముగింపు ఎక్కువ బలంగా కనిపిస్తుంది. స్మిత్ కేసును గట్టిగా పట్టుకుని, అర కిలోమీటరును మామూలు వాడుకలోనే సమీపంగా చూపి, దోషి అని ముగించినా తప్పనలేం. షరతల్లా ఒక్కటే, ఆ తేడా గమనించి దానికి సమాధానం చెప్పి ఉండాలి.

మూడింటిలో ఏ సూత్రం ఎప్పుడు వాడాలో చెప్పే పైసూత్రం ఏదైనా ఉందా అని విద్యార్థులు వెతుకుతారు. లేదు. లార్డ్ పార్కర్ ఇచ్చిన తీర్పులే అందుకు రుజువు. అడ్లర్ కేసులో గోల్డెన్ రూల్ పట్టుకున్నదీ, స్మిత్ కేసులో ఉద్దేశాన్ని చూసిందీ ఆయనే. ఆ స్మిత్ కేసు వచ్చిన 1960లోనే ఫిషర్ వర్సెస్ బెల్ కూడా ఆయన ముందుకే వచ్చింది. బ్రిస్టల్‌లో ఒక దుకాణదారు షాపు అద్దంలో బటన్ నొక్కితే విచ్చుకునే కత్తిని నాలుగు షిల్లింగుల ధర చీటీతో పెట్టాడు. 1959 నాటి చట్టం అలాంటి కత్తిని ‘అమ్మకానికి ఆఫర్’ చేయడాన్ని నేరం చేసింది. కాంట్రాక్టు చట్టంలో షాపు అద్దంలో పెట్టిన సరుకు ఆఫర్ కాదు, బేరానికి రమ్మనే పిలుపు మాత్రమే. చట్టంలో వాడిన ఆ మాటకు న్యాయశాస్త్రంలో ఖాయమైన అర్థం ఉంది కాబట్టి, ఆ ఫలితం వినడానికి వింతగా ఉందని ఒప్పుకుంటూనే కోర్టు దుకాణదారుడు నిర్దోషి అంది. చట్టంలోని ఖాళీని పూడ్చడం కోర్టు పని కాదంది. 1961లో పార్లమెంటే చట్టాన్ని సవరించి, అమ్మకానికి ప్రదర్శనకు పెట్టడాన్నీ నేరం చేసింది.

స్మిత్ కేసులో ‘వీధిలో పిలవడం’ అన్న మాట కిటికీలోంచి వచ్చే పిలుపును కూడా మోయగలిగింది. ఫిషర్ కేసులో ‘ఆఫర్’ అన్న మాటకు న్యాయశాస్త్రం వేసిన ముద్ర గట్టిగా ఉంది, అది మరో అర్థం మోయలేకపోయింది. షెడ్డు యజమాని కేసు ఈ రెండింటిలో దేనికి దగ్గర అన్నది ‘సమీపం’ ఎంత మోయగలదన్న దాని మీదే ఉంటుంది. శాసనసభకు ఆ షెడ్డును ఆపాలని నిజంగా ఉంటే మార్గం 1961లో బ్రిటిష్ పార్లమెంటు చూపినదే. సెక్షన్ 3లో ‘సమీపంలో కడిగినయెడల’ పక్కన ‘లేదా కడిగిన నీరు చెరువులో చేరునట్లు వదిలినయెడల’ అన్న ఆరు మాటలు చేర్చితే సరిపోతుంది, అప్పుడు అర కిలోమీటరా ఐదు కిలోమీటర్లా అన్న ప్రశ్నే రాదు.